23 క్రాస్‌లు, ఒక్క గోల్ లేదు: తిరుపతి మ్యాచ్‌లో తప్పు ఎక్కడ జరిగింది?

టచ్‌లైన్ తిరుపతి | సోమవారం రాత్రి 9:10

ఆదివారం పొద్దున తిరుపతిలో చిత్తూరు జట్టుతో ఫుట్‌బాల్ ఆడి 0-1తో ఓడిపోయాం. మా పిల్లలకు నేనే కోచ్‌ని. ఫోన్‌లో తీసిన వీడియో రెండుసార్లు చూసి లెక్కపెట్టాను. రెండు వింగ్‌ల నుంచి గోల్ ముందుకి కలిపి 23 క్రాస్‌లు వేశాం. అందులో మావాళ్ల తలకో కాలికో తగిలినవి నాలుగే. గోల్ వైపు వెళ్లింది ఒకటి, అదీ కీపర్ చేతుల్లోకి.

మావాళ్లకు తన్నడం చేతకాక కాదు. రైట్ వింగర్ ప్రాక్టీసులో కోన్ పెడితే కోన్‌కే కొడతాడు. మ్యాచ్‌లో మాత్రం ప్రతిసారీ బంతిని కార్నర్ జెండా దాకా తీసుకెళ్లి, తలెత్తి, పైకి లేపి వేస్తున్నాడు. ఎప్పుడు ముందే వేయాలి, ఎప్పుడు గోల్ లైన్ దాకా వెళ్లి వెనక్కి ఇవ్వాలి, ఎప్పుడు వేగంగా తిప్పి కొట్టాలి అనేది వాడికి నేనెప్పుడూ సరిగా చెప్పలేదు. నిజానికి నాకూ స్పష్టంగా తెలియదు. ఇంకో మూడు వారాల్లో చిత్తూరులో వాళ్లతోనే మళ్లీ మ్యాచ్ ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట నంబర్ 9 | సోమవారం రాత్రి 9:42

అన్నా, సమాధానం చాలా సులువు. క్రాస్‌లు మానెయ్యండి. కట్‌బ్యాక్ ఒక్కటే పెట్టుకోండి. 2014 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ సొంత గ్రౌండ్‌లో ఫుల్హామ్ మీద 80కి పైగా క్రాస్‌లు వేసి 2-2తో డ్రా చేసుకుంది. అంత పెద్ద జట్టుకే పని జరగలేదు. గాలిలో బంతి వేస్తే ఎదురుగా నిలబడి చూస్తున్న డిఫెండర్‌కే లాభం. గోల్ లైన్ దాకా వెళ్లి, నేల మీద వెనక్కి ఇస్తే గోల్. నేను స్ట్రైకర్‌ని. నాకొచ్చిన మంచి అవకాశాలన్నీ అలాగే వచ్చాయి.

శ్రీకాళహస్తి స్టాపర్ | సోమవారం రాత్రి 10:05

మేమైతే నియర్ పోస్ట్ దగ్గర పొడుగువాడిని నిలబెట్టి తలతో వెనక్కి తోయిస్తాం. ఇద్దరు కీపర్ ముందు అడ్డంగా ఉంటారు. కిక్ కొట్టేవాడు చెయ్యెత్తగానే అందరూ కదులుతారు. పోయిన సీజన్‌లో మా గోల్స్‌లో సగం అలా వచ్చినవే.

టచ్‌లైన్ తిరుపతి | సోమవారం రాత్రి 10:11

అన్నా, మీరు చెబుతున్నది కార్నర్ కిక్ గురించి. నేను అడిగింది ఆట నడుస్తుండగా వింగ్ నుంచి వేసే క్రాస్ గురించి. కార్నర్లకు వేరే చర్చ పెడతాను, ఇది అక్కడ తప్పకుండా రాయండి.

పాత పీఈటీ | మంగళవారం ఉదయం 5:50

కోచ్ గారూ, 23 అన్న లెక్కతో నాకు పని లేదు. ఒక్కో క్రాస్ వేసిన క్షణంలో మూడు విషయాలు చూసి చెప్పండి. వాళ్ల వెనక వరుస గోల్‌కి ఎంత దూరంలో ఉంది? సెంటర్ బ్యాక్‌ల ఛాతీ ఎటు తిరిగి ఉంది, బంతి వైపా, సొంత గోల్ వైపా? కీపర్ ఎక్కడ నిలబడ్డాడు? మీ వింగర్ ఏ క్రాస్ వేయాలో నిర్ణయించేవి ఈ మూడే. వాడి ఇష్టం తర్వాతి సంగతి.

23 వద్దు. మ్యాచ్‌లో వేర్వేరు సమయాల నుంచి మూడు నాలుగు తీసి రాయండి.

టచ్‌లైన్ తిరుపతి | మంగళవారం రాత్రి 8:30

సార్, వీడియో ఆపి ఆపి చూశాను. దూరాలు బాక్స్ గీతలను బట్టి వేసిన అంచనాలు.

9వ నిమిషం. రైట్ వింగర్‌కి టచ్‌లైన్ దగ్గర ఖాళీగా బంతి దొరికింది. గోల్ లైన్‌కి దాదాపు 40 మీటర్ల దూరం. వాళ్ల నలుగురు బాగా పైకి వచ్చేశారు, గోల్‌కి 28 మీటర్ల దగ్గర ఉన్నారు. కీపర్ గోల్ లైన్‌కి రెండు మూడు అడుగుల ముందే ఉన్నాడు. మావాడు బంతి ఆపి, ఇంకో నాలుగు టచ్‌లతో ముందుకు తీసుకెళ్లాడు. ఈలోపు నలుగురూ వెనక్కి వెళ్లి సర్దుకున్నారు.

34వ నిమిషం. బాక్స్ అంచుకు సమానంగా, టచ్‌లైన్‌కి కాస్త లోపల. వాళ్ల వరుస పెనాల్టీ స్పాట్‌కి కొంచెం ఇవతల, 13, 14 మీటర్ల దగ్గర. కీపర్ లైన్ మీదే. మావాడు పైకి లేపి వేశాడు. సెంటర్ బ్యాక్ రెండడుగులు వేసి తలతో కొట్టేశాడు.

71వ నిమిషం. అప్పటికి వాళ్లు ఒక గోల్ ముందున్నారు, వెనక ఐదుగురు అయ్యారు. మావాడు ఫుల్‌బ్యాక్‌ని దాటి గోల్ లైన్ దాకా వెళ్లాడు. వాళ్లందరూ గోల్ వైపు పరుగెత్తారు. మావాడు ఫార్ పోస్ట్‌కి పైనుంచి వేశాడు, కీపర్ పట్టుకున్నాడు. వీడియోలో చూస్తే మా మిడ్‌ఫీల్డర్ బాక్స్ అంచులో ఒక్కడే చేతులెత్తి నిలబడి ఉన్నాడు.

78వ నిమిషం. దాదాపు అదే చోటు, కానీ ఫుల్‌బ్యాక్ మావాడి ముందే ఉన్నాడు. వాళ్ల మిడ్‌ఫీల్డర్లు పెనాల్టీ స్పాట్ దగ్గర, మావాళ్లు ఆరుగురు బాక్స్‌లో. ఈసారి నేను బయట నుంచి "వెనక్కి ఇవ్వు" అని అరిచాను. ఇచ్చాడు. అది వాళ్ల మిడ్‌ఫీల్డర్ కాలికి తగిలి, అక్కడి నుంచి కౌంటర్ వచ్చి, మా పోస్ట్‌కి తగిలింది. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

పాత పీఈటీ | బుధవారం ఉదయం 6:15

బాగా రాశారు. మీరు అడిగిన ప్రశ్న మొత్తం ఈ నాలుగింటిలోనే ఉంది.

ముందు 9వ నిమిషం. మ్యాచ్ మొత్తంలో మీకు దొరికిన అతి పెద్ద అవకాశం అదే, ఎవరికీ గుర్తుండదు కూడా. వరుస 28 మీటర్ల దగ్గర, కీపర్ లైన్ మీద. మధ్యలో పాతిక మీటర్లకు పైగా ఖాళీ. ఇలాంటప్పుడు క్రాస్ వేయడానికి గోల్ లైన్ దాకా వెళ్లనక్కర్లేదు. నిలబడ్డ చోటు నుంచే వేయాలి.

చిన్న లెక్క చూడండి. టచ్‌లైన్ దగ్గర నుంచి గోల్‌కి ఎదురుగా 14 మీటర్ల చోటుకి కొడితే బంతి దాదాపు 38 మీటర్లు ప్రయాణించాలి. కాస్త గట్టిగా, తక్కువ ఎత్తులో కొడితే సుమారు రెండు సెకన్లు పడుతుంది. మీ స్ట్రైకర్ మంచి పరుగులో సెకనుకు ఏడు మీటర్లు వెళ్తాడనుకుంటే, ఆ రెండు సెకన్లలో 28 నుంచి 14కి చేరతాడు. బంతీ అతనూ ఒకే చోట కలుస్తారు. డిఫెండర్ అప్పటికి ఇంకా వెనక్కి తిరుగుతుంటాడు. తిరిగాక కూడా సొంత గోల్ వైపు పరుగెత్తుతూ, భుజం మీదుగా వస్తున్న బంతిని తీయాలి. డిఫెండర్‌కి అంతకంటే కష్టమైన పని లేదు.

2014 వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద నెదర్లాండ్స్ మొదటి గోల్ ఇలాంటిదే. ఎడమ వైపు, సగం గీతకు కాస్త అవతల నుంచే డేలీ బ్లింట్ పొడుగ్గా వేశాడు. వాన్ పెర్సీ డిఫెండర్ల వెనక నుంచి దూకి తలతో కీపర్ మీదుగా వేశాడు. అందరికీ ఆ దూకుడే గుర్తుంటుంది. నేను పిల్లలకు చూపించేది బ్లింట్‌ని. తలెత్తి చూశాడు, ముందుకు డ్రిబుల్ చేయకుండా వేసేశాడు.

మీవాడు నాలుగు టచ్‌లు ఎక్కువ తీసుకున్నాడు. ఒక్కో టచ్‌కి డిఫెండర్లు రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్తారు. నాలుగో టచ్‌కి ఆ ఖాళీ మూసుకుపోయింది.

రేణిగుంట నంబర్ 9 | బుధవారం ఉదయం 8:20

సార్, అంత దూరం నుంచి వేస్తే ఆఫ్‌సైడ్ అవుతుంది కదా. నేను అలా పరుగెత్తిన ప్రతిసారీ జెండా లేస్తుంది. కట్‌బ్యాక్‌లో ఆ గొడవే లేదు.

పాత పీఈటీ | బుధవారం ఉదయం 8:55

కట్‌బ్యాక్ గురించి మీరన్నది నిజమే. బంతి గోల్ లైన్ దగ్గర ఉండి వెనక్కి వస్తుంటే, బంతికి వెనక ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఉండదు. దూరం నుంచి ముందే వేసే ఎర్లీ బాల్‌లో ఉంటుంది.

మీకు జెండా లేస్తోందంటే మీరు తిన్నగా గోల్ వైపు పరుగెత్తుతున్నారని నా అనుమానం. ముందు వరుసకు సమాంతరంగా, అడ్డంగా రెండడుగులు వేయండి. వింగర్ తల బంతి వైపు వంగిన క్షణంలో గోల్ వైపు తిరగండి. తల వంగిందంటే కొట్టబోతున్నాడని అర్థం. అప్పటికే మీ కాళ్లకు వేగం ఉంటుంది కాబట్టి అడ్డం నుంచి నిలువుకి తిరిగితే చాలు. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఇది. వింగర్ తల వంచి, మళ్లీ ఎత్తి, ఇంకో టచ్ తీసుకుంటే మీరు ఎంత బాగా పరుగెత్తినా ఆఫ్‌సైడే. అప్పుడు తప్పు అతనిది.

చిత్తూరు గోలీ | బుధవారం మధ్యాహ్నం 1:30

నమస్తే అందరికీ. ఆ రోజు చిత్తూరు జట్టు కీపర్‌ని నేనే. రాయకూడదు అనుకున్నాను, కానీ సార్ చెప్పింది చదివాక ఆగలేకపోయాను.

మొదటి సగంలో ఎండ సరిగ్గా నా కళ్లలో పడింది. పైకి లేచిన బంతి కనబడదేమో అన్న భయంతో లైన్ వదిలి రాలేదు. మా డిఫెండర్లేమో పైకి వెళ్లిపోయారు. వెనక్కి రండి అని అరుస్తూనే ఉన్నాను. ఆ 9వ నిమిషం బంతి వేసి ఉంటే నేను బయటికి రావాలో వద్దో తేల్చుకునేసరికే అయిపోయేది. 11 మీటర్లు పరుగెత్తి అందుకోవడం నావల్ల కాదు.

కానీ అన్ని రోజులూ అలా ఉండదు. మామూలుగా నేను పెనాల్టీ స్పాట్‌కి దగ్గరగా నిలబడతాను. అప్పుడు 14 మీటర్ల చోటుకి వేస్తే అది నా బంతే, నాలుగడుగుల్లో వచ్చి తన్నేస్తాను. ఎర్లీ బాల్ వేసేవాళ్లు వరుసను చూస్తారు గానీ కీపర్‌ని చూడరు. మాకు కలిసొచ్చేది అదే.

పాత పీఈటీ | బుధవారం సాయంత్రం 6:40

గోలీ చెప్పిన మాట నేను రాసిందానికంటే ముఖ్యం. కీపర్ ముందుకు వచ్చి నిలబడితే అదే బంతిని అతనికి దూరంగా, ఫార్ పోస్ట్ వైపు పరుగెత్తే రెండోవాడికి వేయాలి. అదీ కుదరకపోతే వేయకూడదు. వరుస పైకి ఉంది కదా అని కళ్లు మూసుకుని వేస్తే ఆ కీపర్‌కి పాస్ ఇచ్చినట్టే.

ఇప్పుడు 34వ నిమిషం. వరుస 13, 14 మీటర్ల దగ్గర ఉంది. కీపర్ లైన్ మీద ఉన్నాడు. మధ్యలో పది మీటర్లకు పైగా దూరం. పొడుగ్గా వేసే ఎర్లీ బాల్‌కి ఇది చాలదు. పైకి లేపితే బంతి గాలిలో రెండున్నర సెకన్లు ఉంటుంది, అంతలో సెంటర్ బ్యాక్ నడిచివచ్చి తలతో తీసేస్తాడు. అదే జరిగింది. ఈ ఖాళీ తిప్పి కొట్టే బంతి కోసమే. బొటనవేలి ఎముక దగ్గర లోపలి భాగంతో బంతిని పక్కగా కోసినట్టు కొట్టాలి. మొదటి డిఫెండర్ తల మీదుగా వెళ్లి, చిన్న బాక్స్ గీతకు ఒకటి రెండు మీటర్ల ఇవతల పడేలా దిగాలి. 25 మీటర్ల దూరానికి సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. డిఫెండర్ తాకితే సొంత గోల్ భయం, వదిలేస్తే వెనక ఎవడున్నాడో తెలియదు. కీపర్‌కి బయటికి వస్తే మధ్యలో మనుషులు, ఆగితే బంతి ముందే పడుతుంది.

ఇందులో పాడయ్యేది ఎప్పుడూ మొదటి మనిషి దగ్గరే. మీ 23 లో ఎన్ని నియర్ పోస్ట్ దగ్గర ఉన్న మొదటి డిఫెండర్‌కే తగిలాయో చూడండి. నేను చూసిన కుర్రాళ్లలో చాలామందికి సగం అక్కడే పోతాయి.

టచ్‌లైన్ తిరుపతి | బుధవారం రాత్రి 9:00

చూశాను సార్. 11. దాదాపు సగం.

అలిపిరి లెఫ్ట్ | బుధవారం రాత్రి 9:25

సార్, నా సంగతి ఒకటి అడుగుతాను. నాది కుడికాలు, కానీ మా అమ్మాయిల జట్టులో నన్ను ఎడమ వింగ్‌లో ఆడిస్తున్నారు. కుడికాలుతో లోపలికి తిప్పి కొడితే బంతి కీపర్ వైపే వంగుతుంది, తను పట్టేస్తుంది. ఎడమ కాలుతో కొట్టాలంటే బలం రాదు. చిన్న గ్రౌండ్‌లో ఏడుగురు ఏడుగురుగా ఆడుతున్నాం కాబట్టి వరుసకీ కీపర్‌కీ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండదు.

చిత్తూరు గోలీ | బుధవారం రాత్రి 9:50

అక్కా, కీపర్‌గా చెబుతున్నాను. లోపలికి తిరిగే బంతి నాకు సులువని మీరు అనుకుంటున్నారు, కానీ అలా కాదు. ఎవరైనా తాకుతారేమోనని చివరిదాకా ఆగాలి. ఎవరూ తాకకపోతే అదే గోల్‌లోకి వచ్చేస్తుంది. కీపర్ సులువుగా పట్టుకునేలా మీరు వేస్తున్నారంటే అది గోల్ మధ్యకి వస్తోందని అర్థం. ఫార్ పోస్ట్‌ని గురిపెట్టి, నేరుగా ఆ పోస్ట్ లోపలికే వెళ్లాలన్నట్టు కొట్టండి. మీ జట్టులో ఇద్దరు ఆ దారిలోకి పరుగెత్తాలి. వాళ్లు తాకనక్కర్లేదు, తాకబోతున్నట్టు ఉంటే చాలు.

బయటికి తిరిగే బంతి వేరు. అది నా చేతికి అందకుండా వెళ్లిపోతూ, పరుగెత్తి వచ్చేవాళ్లకి ఎదురుగా వస్తుంది. దాన్ని తలతో గట్టిగా కొట్టవచ్చు. కానీ ఎవరూ తాకకపోతే ఏమీ జరగదు.

పాత పీఈటీ | గురువారం ఉదయం 6:00

అమ్మా, గోలీ సరిగ్గా చెప్పాడు. ఒకటే కలుపుతాను. ఏడుగురి ఆటలో ఆ గ్రౌండ్‌కి పెద్ద గ్రౌండ్ లెక్కలు పెట్టకు. అక్కడ వరుస ఎప్పుడూ గోల్ ముందే ఉంటుంది కాబట్టి నేల మీద వెనక్కి ఇచ్చేదే ఎక్కువ పనికొస్తుంది. కుడికాలుతో లోపలికి వచ్చి ఇవ్వడం నీకు సులువు కూడా.

రేణిగుంట నంబర్ 9 | గురువారం ఉదయం 7:45

చూశారా, చివరికి కట్‌బ్యాకే. 2023 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇంటర్ మిలాన్ ఐదుగురితో కాపలా కాసింది. మాంచెస్టర్ సిటీ ఆటగాడు బెర్నార్డో సిల్వా కుడి వైపు నుంచి వెనక్కి ఇచ్చాడు, రోడ్రి వచ్చి కొట్టాడు. మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్. మన 71వ నిమిషం అదే కదా సార్?

పాత పీఈటీ | గురువారం సాయంత్రం 7:10

71వ నిమిషం అదే. 78వ నిమిషం అది కాదు. రెండింటినీ మీరు ఒకటిగా చూస్తున్నారు, తేడా వస్తున్నది అక్కడే.

71లో మీ వింగర్ ఫుల్‌బ్యాక్‌ని దాటాడు. దాటాడు కాబట్టి మిగతావాళ్లు గోల్ కాపాడుకోవడానికి పరుగెత్తారు. పరుగెత్తేవాడు చూసేది బంతినీ గోల్‌నీ మాత్రమే, వీపు వెనక ఎవరున్నారో చూడడు. ఐదుగురూ, వాళ్లతో పాటు మిడ్‌ఫీల్డర్లూ చిన్న బాక్స్‌లోకి వెళ్లిపోయారు. అప్పుడు పెనాల్టీ స్పాట్ నుంచి బాక్స్ అంచు దాకా ఖాళీ. అక్కడ నిలబడ్డ మీ మిడ్‌ఫీల్డర్ చేసిన గొప్ప పని ఏమిటంటే పరుగెత్తకుండా ఆగిపోవడం. ఫైనల్లో ఆ బంతి మధ్యలో ఒక డిఫెండర్ కాలికి కూడా తగిలింది, అయినా రోడ్రి దగ్గరికి వచ్చింది. ఎందుకంటే అతను ఆ ఖాళీలోకే వచ్చాడు.

78లో మీవాడు ఎవరినీ దాటలేదు. ఫుల్‌బ్యాక్ అతని ముందే ఉన్నాడు. కాబట్టి ఎవరూ వెనక్కి పరుగెత్తలేదు. వాళ్ల మిడ్‌ఫీల్డర్లు పెనాల్టీ స్పాట్ దగ్గర బంతిని చూస్తూ నిలబడ్డారు. అక్కడికి నేల మీద బంతి ఇస్తే వాళ్ల కాళ్లకే ఇచ్చినట్టు. పైగా మీవాళ్లు ఆరుగురు బాక్స్‌లో ఉన్నారు కాబట్టి కౌంటర్ మొదలైంది. పోస్ట్ మిమ్మల్ని కాపాడింది.

డిఫెండర్లు కదులుతూ ఉంటే వాళ్ల వీపు వెనక్కి ఇవ్వండి. నిలబడి ఉంటే ఇవ్వకండి.

రేణిగుంట నంబర్ 9 | గురువారం రాత్రి 8:00

అది ఒప్పుకుంటున్నాను సార్. దాటాకే ఇవ్వాలి. కానీ కౌంటర్ భయంతో బాక్స్‌లో మనుషుల్ని తగ్గిస్తే గోల్ ఎవరు వేస్తారు? బాక్స్‌లో నలుగురు ఉండాల్సిందే.

పాత పీఈటీ | గురువారం రాత్రి 8:30

నేను ముగ్గురు బాక్స్‌లో, ఇద్దరు బాక్స్ అంచులో అంటాను. బయటికి కొట్టిన బంతిని అక్కడే ఆపే ఇద్దరు లేకపోతే ప్రతి చెడ్డ క్రాస్ మీ గోల్ వైపు కౌంటర్‌గా తిరిగి వస్తుంది.

టచ్‌లైన్ తిరుపతి | ఆదివారం రాత్రి 9:15

మీరు చెప్పిందాన్ని ప్రాక్టీసులో పెట్టి చూశాం. ఎండకు భయపడి ఆరింటికే మొదలుపెట్టాం. నలుగురు డిఫెండర్లు, ఒక కీపర్, ఇద్దరు స్ట్రైకర్లు, బాక్స్ అంచులో ఒక మిడ్‌ఫీల్డర్. వింగర్‌కి బంతి వస్తుండగా నేను డిఫెండర్లకు వేళ్లతో సైగ చేస్తాను. ఒకటి చూపిస్తే వరుస పైకి, రెండు చూపిస్తే పెనాల్టీ స్పాట్ దగ్గర, మూడు చూపిస్తే చిన్న బాక్స్‌లోకి పరుగు. వింగర్‌కి నా చెయ్యి కనపడదు. మొదటి టచ్ అయ్యేలోపు "ముందు", "తిప్పు", "వెనక" అని గట్టిగా చెప్పి, చెప్పిందే వేయాలి.

మొదటి ఇరవైలో సరైన మాట చెప్పింది 8 సార్లు. ఎక్కువ తప్పులు ఒకే కారణంతో వచ్చాయి. బంతి కాలి దగ్గరికి వచ్చాకే తలెత్తుతున్నాడు. బంతి తన వైపు వస్తుండగానే ఒకసారి లోపలికి చూడమన్నాను. తర్వాతి ఇరవైలో 13. తన్నడంలో ఏ మార్పూ లేదు, చూడటమే మారింది.

ఒక సమస్య మాత్రం మిగిలింది. మా గ్రౌండ్‌లో గోల్ లైన్ దగ్గర గడ్డి లేదు, ఎర్రమట్టి గట్టిపడి గుంతలుగా ఉంది. నేల మీద వెనక్కి ఇచ్చిన బంతి ఎగిరిపడుతోంది. మిడ్‌ఫీల్డర్ కొట్టేసరికి మోకాలి ఎత్తులో ఉంటోంది.

శ్రీకాళహస్తి స్టాపర్ | ఆదివారం రాత్రి 9:40

మా గ్రౌండూ అంతే. మేం మొదటి టచ్‌లోనే కొట్టం. ఒకసారి ఆపి కొడతాం. ఆలోపు డిఫెండర్ వచ్చేస్తాడు అంటారు గానీ, ఎగిరే బంతిని కొట్టి ఆకాశంలోకి పంపడం కంటే మేలు.

పాత పీఈటీ | సోమవారం ఉదయం 6:05

ఆపితే ఆ ఖాళీ పోతుంది, దాంతో నేను ఏకీభవించను. పాస్ గట్టిగా ఇస్తే గుంతల్లో ఎగరడం కొంత తగ్గుతుంది. కాకపోతే మీ గ్రౌండ్ నేను చూడలేదు, అక్కడ ఆడేవాళ్ల మాటకే విలువ ఇవ్వండి.

టచ్‌లైన్ తిరుపతి | రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:50

చిత్తూరు మ్యాచ్ అయింది. 1-1.

మా గోల్ 16వ నిమిషంలో వచ్చింది. రైట్ వింగర్‌కి గోల్ లైన్‌కి 35 మీటర్ల దగ్గర బంతి వచ్చింది. వరుస పైకి ఉంది, గోలీ ఈసారి ముందుకు వచ్చి నిలబడ్డాడు. మావాడు అది చూశాడు. మధ్యకి వేయకుండా ఫార్ పోస్ట్ వైపు వేశాడు. లెఫ్ట్ వింగర్ వెనక నుంచి వచ్చి పాదం పక్కతో తోశాడు. రెండే టచ్‌లు. నేను బయట కూర్చోలేకపోయాను.

వాళ్ల గోల్ 40వ నిమిషంలో కౌంటర్ నుంచి. మేం నలుగురిని బాక్స్‌లో పెట్టాం, రేణిగుంట తమ్ముడి మాట విన్నాను. మా క్రాస్ మొదటి మనిషికి తగిలింది, అంచులో మావాడు ఒక్కడే ఉన్నాడు.

రెండో సగంలో మాత్రం ఏమీ చేయలేకపోయాం. వాళ్లు ఐదుగురు చిన్న బాక్స్ ముందు, ఇద్దరు పెనాల్టీ స్పాట్ దగ్గర కదలకుండా నిలబడ్డారు. ఎర్లీ బాల్‌కి చోటు లేదు, తిప్పి కొట్టడానికి వరుసకీ కీపర్‌కీ మధ్య ఖాళీ లేదు, వెనక్కి ఇస్తే ఆ ఇద్దరి కాళ్లే.

చిత్తూరు గోలీ | ఆదివారం రాత్రి 9:20

అన్నా, ఆ ఇద్దరిని నిలబెట్టమని మా కోచ్‌కి చెప్పింది నేనే. ఈ చర్చ చదివే చెప్పాను. బంతి ఎక్కడికి వెళ్లినా మీరు పెనాల్టీ స్పాట్ వదలొద్దని వాళ్లకు చెప్పాం.

రేణిగుంట నంబర్ 9 | ఆదివారం రాత్రి 9:35

అన్నా, ఆ కౌంటర్‌కి నా సలహా కారణమైతే క్షమించండి. అయినా నలుగురు అనే మాట వెనక్కి తీసుకోలేను. ఐదుగురు డిఫెండర్ల మధ్య ముగ్గురు స్ట్రైకర్లు కనపడనే కనపడరు.

పాత పీఈటీ | సోమవారం ఉదయం 5:55

అలా ఏడుగురు నిలబడితే మొదటిసారి వేసే ఏ క్రాసూ పనిచేయదు. వేయకండి. బంతిని అటు వింగ్ నుంచి ఇటు వింగ్‌కి, మళ్లీ అటు వింగ్‌కి తిప్పండి. ఐదుగురూ ఇద్దరూ ప్రతిసారీ పక్కకి కదలాలి. కదిలేటప్పుడు ఎవరో ఒకరు ఆలస్యం అవుతారు, ఎక్కువగా దూరపు వైపు చివరివాడు. అప్పుడు అతని వెనక ఫార్ పోస్ట్‌కి వేసి, అక్కడి నుంచి తలతో గోల్ ముందుకి తిరిగి పంపించాలి. గోలీ, నిజం చెప్పు, రెండో సగంలో వాళ్లు ఒక్కసారైనా అలా తిప్పారా?

చిత్తూరు గోలీ | సోమవారం ఉదయం 7:30

ఒక్కసారి, 66వ నిమిషంలో. కుడి నుంచి ఎడమకి, మళ్లీ కుడికి వచ్చింది. మా లెఫ్ట్‌బ్యాక్ లోపలే ఉండిపోయాడు, నేను పక్కకి నాలుగడుగులు వేయాల్సి వచ్చింది, సగం గోల్ తెరుచుకుంది. కానీ మీ వింగర్ మళ్లీ ఆపి, జెండా దాకా తీసుకెళ్లాడు.

టచ్‌లైన్ తిరుపతి | సోమవారం ఉదయం 7:50

వీడియోలో 66 తెరిచి చూస్తున్నాను. గోలీ చెప్పినట్టే ఉంది. బంతి వచ్చే ముందు మావాడు లోపలికి చూడలేదు. బుధవారం ఆరింటికి ప్రాక్టీసు, ఈసారి నాలుగు వేళ్ల సైగ కూడా ఉంటుంది: ఐదుగురు, ఇద్దరు, క్రాస్ వేయకుండా బంతిని వింగ్ నుంచి వింగ్‌కి తిప్పడం.